మిద్దె మీద సోలార్: ఏడాదికి ఎన్ని యూనిట్లు?

శ్రోతలకు నమస్కారం.

చెన్నైలో మిద్దె మీద సోలార్ పెట్టించుకుంటామని అడగ్గానే, ఏడాదికి ఇన్ని యూనిట్లు వస్తాయని ఒక కాగితం చేతికిస్తారు. ఆ అంకె సరైనదో కాదో మనమే చూసుకోవచ్చు. అమెరికా ప్రభుత్వ పరిశోధనశాల తయారుచేసిన పీవీవాట్స్ అనే కాలిక్యులేటర్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

పెరంబూరులో ఒక ఇల్లు అనుకుందాం. 3 కిలోవాట్ల ప్యానెళ్లు, దక్షిణం వైపు వాలు. చెన్నై అక్షాంశం సుమారు 13 డిగ్రీలు కాబట్టి వాలు కూడా 13 అని ఇస్తాం. దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు, 10 ఇచ్చినా 15 ఇచ్చినా ఏడాది మొత్తంలో పెద్ద తేడా రాదు. ఫలితం 4,350 యూనిట్లు వచ్చిందనుకోండి.

అసలు సంగతంతా నష్టాల గడిలో ఉంది. అక్కడ 14.08 శాతం ముందే నింపి ఉంటుంది. దుమ్ముకు 2, వైర్లకు 2, నీడకు 3, ఇలా చిన్న చిన్నవన్నీ కలిస్తే అంతయింది. ఎండవేడికి ప్యానెల్ ఉత్పత్తి తగ్గడం ఇందులో లేదు, దాన్ని వాతావరణ వివరాల నుంచి సాఫ్ట్‌వేరే విడిగా లెక్కిస్తుంది. వేడి పేరుతో మనం మళ్లీ కోత పెడితే ఒకే నష్టాన్ని రెండుసార్లు తీసేసినట్టు అవుతుంది.

ఆ నీడ 3 శాతం మాత్రం మీ మిద్దెను చూసి వేసింది కాదు. మీ వాటర్ ట్యాంకు, పక్కింటి మూడో అంతస్తు దానికి తెలియవు. ప్యానెళ్లకు దక్షిణాన, వాటికన్నా 2 మీటర్లు ఎత్తుగా ట్యాంకు ఉంటే, డిసెంబరు మిట్టమధ్యాహ్నం కూడా దాని నీడ ఒకటిన్నర మీటరు ఉత్తరానికి పడుతుంది. పొద్దున, సాయంత్రం ఇంకా చాలా పొడవు. ట్యాంకు ఉత్తరాన ఉంటే ఇబ్బందే లేదని చాలామంది అంటారు, చెన్నైలో అది పూర్తిగా నిజం కాదు. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. జూన్‌లో పొద్దున్నే ఆ ట్యాంకు నీడ నైరుతి వైపు, ప్యానెళ్ల మీదికి వాలుతుంది.

నీడకు 3 తీసి 10 వేయండి. మొత్తం నష్టం 20 శాతం దాటుతుంది, 4,350 కాస్తా 4,040 దగ్గరకు దిగుతుంది. ఆ 10 కూడా ఊహే. ఒక ప్యానెల్ మూల మీద నీడ పడితే దానితో వరుసగా కలిపిన మిగతా ప్యానెళ్ల ఉత్పత్తి కూడా దెబ్బతినవచ్చు, ఒకే ఒక్క అంకెలో అదంతా ఇమడదు. నీడ ఎక్కువున్న ఇంటికి, అదే పరిశోధనశాల ఉచితంగా ఇచ్చే సామ్ అనే సాఫ్ట్‌వేర్ మేలు. అందులో ట్యాంకును, గోడను కొలతలతో సహా గీస్తే ఏ నెలలో, ఏ గంటకు ఎంత నీడో పట్టిక ఇస్తుంది.

కాగితం ఇచ్చినవారిని రెండే అడగండి: నీడకు ఎంత వేశారు? నెలవారీ పట్టిక ఏది? ప్యానెళ్లు పెట్టాక ఆ పట్టికను ఇన్వర్టర్ చూపే యూనిట్లతో పోల్చండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానమబ్బుల వల్ల తగ్గడం మామూలే, అందుకే ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పలేం. మబ్బులేని జనవరి రోజుల్లో కూడా ఉత్పత్తి ఏటా ఒకే గంటకు పడిపోతుంటే, ఆ గంటకు మిద్దె ఎక్కి దక్షిణం వైపు ఏముందో చూడండి.