కారణం ఎందుకంటే... అనొచ్చా?

నమస్కారమండీ. మా అక్క కూతురు కావలిలో డిగ్రీ ఫస్టియర్. మొన్న ఇంగ్లీషు ఎస్సే ఒకటి రాసి, ఫోటో తీసి చూడు మామా అని పంపింది, నెల్లూరుకి నవంబర్లో వానలెందుకు ఎక్కువ అనేది టాపిక్. మొదటి లైనే ఇట్టా ఉంది: 'ద రీజన్ వై నెల్లూర్ గెట్స్ హెవీ రెయిన్ ఇన్ నవంబర్ ఈజ్ బికాజ్ దేర్ ఈజ్ నార్త్ ఈస్ట్ మాన్సూన్, సో ఇట్ రెయిన్స్.' చదివేలోపు నాకు ఊపిరి అయిపోయింది.

ఫోన్ చేసి, "బుజ్జీ, దీన్నే తెలుగులో చెప్పు" అన్నా. "కారణం ఎందుకంటే..." అని మొదలుపెట్టి తనే ఆగిపోయింది. "ఏంది మామా, ఎట్టనో ఉందే" అంది.

ఎట్టనో ఉండేది అక్కడే. మనం 'కారణం ఏందంటే' అంటాం, లేకపోతే 'ఎందుకంటే' అంటాం, రెండిట్నీ అతికిస్తే నోటికే తగులుతుంది. ఇంగ్లీషులో 'ద రీజన్ ఈజ్' అన్నాక మన 'ఏందంటే' పని చేసే మాట 'దట్', అది రావాలి. 'బికాజ్' అంటే ఎందుకంటే, కారణం దాని కడుపులోనే ఉంది. పైగా 'వై' కూడా పెట్టింది, అంటే ఒకే మాట మూడుసార్లు. మాట్లాడేటప్పుడు ఇంగ్లీషోళ్లు కూడా అంటారులెండి, దాన్నెవరూ పట్టించుకోరు, కానీ ఎస్సే దిద్దేవాళ్ల కంట్లో పడుద్ది.

సరే, ముందు 'ద రీజన్ వై' కొట్టేయమన్నా, దాంతో 'ఈజ్' కూడా పోయింది. చివర్లో ఆ 'సో' మన 'కాబట్టి' నుంచి వచ్చిందే, 'బికాజ్' ఉన్నాక దాంతో పని లేదు. 'దేర్ ఈజ్' బదులు 'ఆఫ్ ద' పెడితే మిగిలింది 'నెల్లూర్ గెట్స్ హెవీ రెయిన్ ఇన్ నవంబర్ బికాజ్ ఆఫ్ ద నార్త్ ఈస్ట్ మాన్సూన్.' వెనక ఉత్త పేరే వస్తే 'బికాజ్ ఆఫ్', క్రియతో పూర్తి వాక్యం వస్తే ఒట్టి 'బికాజ్'.

అప్పుడు బయటపడింది అసలు లోటు. మాటలు తగ్గాక చూస్తే దాంట్లో కారణమే లేదు, ఈశాన్య రుతుపవనాలు అనే పేరు తప్ప. "ఆ గాలి ఏం చేస్తది?" అనడిగా. "బంగాళాఖాతం మీదుగా వస్తా తేమ పట్టుకొస్తది" అంది. మరి అదే రాయొచ్చుగా! 'బికాజ్ ద నార్త్ ఈస్ట్ విండ్స్ పిక్ అప్ మాయిశ్చర్ ఓవర్ ద బే ఆఫ్ బెంగాల్' అని మార్చింది. ఇప్పుడు 'బికాజ్' వెనక జరిగే పనొకటి కనిపిస్తా ఉంది.

'ద రీజన్' అసలు వాడకూడదని కాదు. మూడు నాలుగు కారణాల్లో ఒకదాన్ని ఎత్తి చూపాలంటే 'ద మెయిన్ రీజన్ ఈజ్ దట్' అని శుభ్రంగా రాసుకోవచ్చు.

సాయంత్రానికి రెండో పేరా వచ్చింది. 'ద కాజ్ ఆఫ్ ఫ్లడ్స్ ఈజ్ డ్యూ టు హెవీ రెయిన్' అని మొదలు. వరదలకి కారణం వాన వల్ల అన్నట్టు! నేను ఏమీ చెప్పలా, తెలుగులో చదువుకో అని మాత్రం మెసేజ్ పెట్టా. రెండు నిమిషాలకి జవాబు: "మామా, 'డ్యూ టు' తీసేశా."