ఏడేళ్ల కారు లోన్: మూడేళ్లయ్యాక మీకు మిగిలేదెంత?

(తెర మీద: ఆన్ రోడ్ ధర 12,00,000)

నమస్తే అండీ. మియాపూర్‌లో ఉంటూ గచ్చిబౌలిలో ఉద్యోగం చేసుకునే భార్యాభర్తలు కొత్త కారు కొంటున్నారనుకుందాం. ఎక్స్ షోరూమ్ ధర 10 లక్షలు. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ కలిపేసరికి 12 లక్షలైంది. చేతి నుంచి 2 లక్షలు కట్టి, మిగతా 10 లక్షలకు 9.5 శాతం వడ్డీతో లోన్ తీసుకున్నారు. ఐదేళ్లకైతే ఈఎంఐ 21 వేలు, ఏడేళ్లకైతే 16,344. సహజంగానే ఏడేళ్లకే సంతకం పెట్టారు.

(తెర మీద: 36వ ఈఎంఐ)

మూడేళ్లు గడిచాయి. ఒక్క ఈఎంఐ కూడా తప్పలేదు, మొత్తం 5.88 లక్షలు కట్టేశారు. అయినా అసలు ఇంకా 6.5 లక్షలుంది! కట్టినదాంట్లో దాదాపు 2.4 లక్షలు వడ్డీకే పోయింది. మొదటి నెలల్లో ఈఎంఐలో సగం దాకా వడ్డీయే ఉంటుంది మరి.

ఆ కారు ఇప్పుడు అమ్మితే 6.5 లక్షలు వచ్చిందనుకుందాం. మోడల్‌ని బట్టి, తిరిగిన కిలోమీటర్లను బట్టి అటూ ఇటూ అవుతుంది. ఆ డబ్బంతా లోన్ తీర్చడానికే సరిపోతుంది. ముందస్తుగా మూసేసినందుకు బ్యాంకు చార్జీ వేస్తే అది జేబులోంచే. అంటే డౌన్ పేమెంట్‌తో కలిపి 7.88 లక్షలు పెట్టినా చేతికి రూపాయి రాదు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే పెట్రోలుకే ఏడు వేల పైన అవుతుంది. సర్వీసింగ్, ఇన్సూరెన్స్ రెన్యువల్, టైర్లు అదనం. ఇవి ఏ కారుకైనా తప్పవు, కాబట్టి పక్కన పెడదాం.

అదే మోడల్ మూడేళ్ల పాతది 6.5 లక్షలకు కొని ఉంటే? అదే 2 లక్షలు కట్టి, 4.5 లక్షలకు ఐదేళ్ల లోన్. పాత కార్లకు వడ్డీ ఎక్కువ, 12 శాతం వేసుకుందాం. ఈఎంఐ సుమారు 10 వేలు. మిగిలే 6,300 ప్రతి నెలా, లోన్ తీరాక చివరి రెండేళ్లు పూర్తి 16,344, ఏడు శాతం వచ్చే చోట పెట్టారనుకుందాం. ఏడేళ్లకు 9.4 లక్షలవుతుంది. పాత కారుకు రిపేర్లు ఎక్కువ, చివర్లో అమ్మినా తక్కువ వస్తుంది. అందుకని 3 లక్షలు తీసేసినా 6 లక్షల పైనే మిగులుతుంది. ఇల్లు కొనేటప్పుడు డౌన్ పేమెంట్‌కు ఆ డబ్బు చాలా ఆదుకుంటుంది.

కొత్త కారే కావాలనుకుంటే మీ ఇష్టం, కానీ సంతకం పెట్టే ముందు బ్యాంకువాళ్లను రీపేమెంట్ షెడ్యూల్ అడగండి. 36వ వరుసలో మిగిలిన అసలు ఎంతుందో చూడండి. అదే మోడల్ మూడేళ్ల పాత కారు ఎంత పలుకుతోందో ఆన్‌లైన్‌లో వెతకండి. బాకీయే ఎక్కువగా కనిపిస్తే, డౌన్ పేమెంట్ పెంచి లోన్ గడువు ఐదేళ్లకు తగ్గించండి. ఆ ఈఎంఐ మోయలేమనిపిస్తే, అంత కారు మీ జీతానికి ఇప్పుడే కుదరదు.