మాత్రకూ మంచానికీ మధ్య

అధ్యక్షులకు, సంఘం కార్యదర్శిగారికి, ఇక్కడ కూర్చున్న పెద్దలందరికీ నమస్కారం. ఈ సభలో సగం మంది వేసవిలో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తున్నారని కార్యదర్శిగారు చెప్పారు. అందుకే "మంచి నిద్ర" అని కరపత్రంలో వేసిన అంశాన్ని పక్కన పెట్టి, నిద్రమాత్ర వేసుకున్నాక జ్ఞాపకంలో పడే ఖాళీ గురించి మాట్లాడతాను.

ముందుగా ఒక మాట. మాత్ర వేసుకున్న మనిషి మర్నాడు "నాకేం గుర్తులేదు" అంటే, దయచేసి నమ్మండి. "ఫోన్లో అరగంట మాట్లాడావుగా, నాటకాలా?" అని నిలదీస్తారు ఇంట్లోవాళ్లు. రెండోసారి జరిగితే "అమ్మకు అల్జీమర్స్ మొదలైంది" అని తామే తేల్చేస్తారు. రెండూ అన్యాయమే. ఆ అరగంట ఆమె మెదడులో నమోదే కాలేదు. లేనిదాన్ని ఎంత గుచ్చి అడిగినా బయటికి రాదు.

దీన్ని ఆంటీరోగ్రేడ్ అమ్నీషియా అంటారు. మాత్ర వేసుకోకముందు సంగతులన్నీ భద్రంగా ఉంటాయి: పేరు, ఊరు, మనవడి పుట్టినరోజు, సాయంత్రం తిన్న ఉప్మా. మాత్ర పనిచేయడం మొదలైనప్పటి నుంచి జరిగినవే నిలవవు. జోల్పిడెమ్, ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ లాంటి మందులు మెదడులో గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచుతాయి. గాబా పని మెదడు కణాల హడావుడి తగ్గించడం. నిద్ర వచ్చేది అందువల్లే. కానీ కొత్త అనుభవాన్ని జ్ఞాపకంగా మార్చే హిప్పోకాంపస్ కూడా ఆ మందకొడితనంలో పడిపోతుంది. నడక, మాట, లెక్క నడిపించే భాగాలు కొంత పనిచేస్తూనే ఉంటాయి. అందుకే మనిషి చూడ్డానికి మామూలుగా ఉంటాడు, మాటకు మాట జవాబిస్తాడు, ఏదీ నిలుపుకోడు. ఎండోస్కోపీకి ముందు మిడజోలామ్ ఇచ్చేటప్పుడు డాక్టర్లు ఇదే గుణాన్ని కావాలని వాడుకుంటారు. అక్కడ అది మేలు, విమానాశ్రయంలో కీడు.

విమానాశ్రయం అన్నాను కాబట్టి 1987 సంగతి చెప్పాలి. ఆ ఏడాది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో "ప్రయాణికుల మతిమరుపు" అనే పేరుతో ఒక నివేదిక వచ్చింది. విదేశీ ప్రయాణంలో నిద్ర కోసం ట్రయాజోలామ్ వేసుకుని, దానితోపాటు మద్యం పుచ్చుకున్నవాళ్ల కథ అది. దిగాక గంటల తరబడి వాళ్లు ఏం చేశారో వాళ్లకే తెలియదు. ఇంతకీ వాళ్లెవరు? మెదడు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్తలు! తెలిసినవాళ్లకే ఇలా జరిగిందంటే, పక్కింటాయన ఇచ్చిన మాత్రను పర్సులో పెట్టుకుని ఎక్కే మన సంగతి ఆలోచించండి.

ఇప్పుడు మన దారే చూద్దాం. అరవై ఎనిమిదేళ్ల ఆవిడ శంషాబాద్‌లో తెల్లవారుజామున నాలుగింటికి గల్ఫ్ మీదుగా వెళ్లే విమానం ఎక్కారనుకోండి. నాలుగున్నరకు భోజనం పెట్టారు, తినగానే జోల్పిడెమ్ పది మిల్లీగ్రాములు వేసుకున్నారు. ఖాళీ కడుపున అయితే ఈ మందు సుమారు గంటన్నరలో రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది, తిన్నాక అయితే రెండు గంటలు దాటుతుంది. ఇరవై నిమిషాలు చూసి "ఇది పనిచేయలేదు" అని ఇంకొకటి వేసుకునేది సరిగ్గా ఇక్కడే. ఆవిడ అంత పని చేయలేదనే అనుకుందాం. ఆరున్నర దాటాక మందు గరిష్ఠ స్థాయిలో ఉంది. అది సగానికి తగ్గడానికి సుమారు రెండున్నర గంటలు పడుతుంది, పెద్ద వయసులో ఇంకా ఎక్కువ. విమానం మన టైము ఎనిమిదిన్నరకు దిగింది. అంటే గరిష్ఠ స్థాయిలో సగానికి పైగా మందు ఒంట్లో ఉండగా ఎయిర్‌హోస్టెస్ తట్టి లేపింది.

ఆవిడ లేచారు, నడిచారు. సెక్యూరిటీ ట్రేలో హ్యాండ్‌బ్యాగ్ పెట్టారు, పాస్‌పోర్ట్‌ను పోకుండా బ్యాగు లోపలి జిప్పు అరలో దాచారు, కూతురికి ఫోన్ చేసి "దిగాను" అన్నారు. రెండో విమానంలో పూర్తిగా తెలివొచ్చేసరికి పాస్‌పోర్ట్ ఎక్కడుందో తెలియదు, కూతురితో మాట్లాడిన సంగతీ తెలియదు. ఇందులో మాత్ర చెడ్డదేం కాదు. ఏడెనిమిది గంటల నిద్రకు తయారైన మాత్రను నాలుగు గంటల ప్రయాణంలో వాడటమే తప్పు. వేసుకోవాలనే ఉంటే, డాక్టర్ని అడిగి, సుదీర్ఘమైన రెండో విమానంలోనే వేసుకోవాలి. కొత్త మందును మొదటిసారి విమానంలో మాత్రం ప్రయత్నించకండి.

ఇంట్లోనూ సూత్రం ఇదే. మాత్రకూ మంచానికీ మధ్య ఖాళీ ఉండకూడదు. తలుపు గడియ, గ్యాస్ రెగ్యులేటర్, బీపీ మందు, బాత్రూమ్, అన్నీ అయ్యాక, మంచం మీద కూర్చుని మాత్ర వేసుకుని పడుకోవాలి. "మాత్ర వేసుకుని సీరియల్ చూస్తే మత్తొస్తుంది, అప్పుడు పడుకుంటా" అంటారు. ఆ సీరియలే మర్నాడు గుర్తుండదు. ఆ మధ్యలోనే వాట్సాప్‌లో ఏదో పంపుతారు, డబ్బులు బదిలీ చేస్తారు. ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. ఏడెనిమిది గంటలు పడుకునే వీలు లేని రాత్రి మాత్ర మానేయండి.

మోతాదు సంగతి. ఎక్కువ మోతాదుకు ఎక్కువ మతిమరుపు. 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆడవాళ్లకు జోల్పిడెమ్ సిఫారసు మోతాదును పది నుంచి ఐదు మిల్లీగ్రాములకు తగ్గించింది, వాళ్ల శరీరం దాన్ని నెమ్మదిగా వదిలించుకుంటుంది కాబట్టి. పెద్ద వయసువాళ్లకూ ఐదే. మీ స్ట్రిప్ మీద పది అని ఉంటే డాక్టర్ని అడగండి. మందు పుచ్చుకున్న రాత్రి నిద్రమాత్ర వద్దే వద్దు. ఇక్కడ మందు అంటే ఏదో మీకు తెలుసు. జలుబు మాత్ర, దురద మాత్ర, నొప్పులకు ట్రమడాల్ కూడా మత్తును పెంచేవే. డాక్టరుకు అన్నీ చెప్పండి.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటుంది. జోల్పిడెమ్, ఆల్ప్రజోలామ్ మన దేశంలో షెడ్యూల్ హెచ్1 మందులు. చీటీ లేకుండా అమ్మకూడదు, రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని ఇచ్చారో రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. "అన్నా, నిద్ర మాత్ర ఒక స్ట్రిప్" అంటే చేతిలో పెట్టే షాపు మీకు ఉపకారం చేయడం లేదు. ఎంత మోతాదో, దేనితో కలిసిందో చూసే మనిషే అక్కడ లేకుండా పోతున్నాడు.

ఒకవేళ జరిగింది. ఇంట్లోవాళ్లు ఏం చేయాలి? మనిషి అడిగిందే అడుగుతూ ఉంటే మూడు మాటలు చెప్పండి: కొబ్బరికాయ, గొడుగు, రైలు. వెంటనే తిరిగి చెప్పగలరు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మూడు మాటలు చెప్పిన సంగతే గుర్తుండదు. ఇది మందు మతిమరుపు తీరు. అంతమాత్రాన నిర్ణయానికి రాకండి. మూతి వంకర పోయినా, ఒక చేయి బలం తగ్గినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి, మాత్ర మీద నెట్టకండి. షుగర్ ఉంటే వెంటనే పరీక్ష చేయండి, తగ్గినా మనిషి ఇలాగే ఉంటాడు. మాత్ర వేసుకోకుండానే ఇలా అయితే ఆస్పత్రికే. లేపినా లేవకపోతే, ఊపిరి నెమ్మదిస్తే కూడా అంతే. మామూలుగానే ఉంటే పక్కన కూర్చోండి, బండి తాళాలు తీసి పెట్టండి, పొయ్యి దగ్గరికి పోనివ్వకండి. స్ట్రిప్‌లో ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెట్టండి. వేసుకున్నామని మరిచి మళ్లీ వేసుకోవడమే పెద్ద ప్రమాదం. అందుకే మంచం దగ్గర ఆ రాత్రి మాత్ర ఒక్కటే ఉండాలి, స్ట్రిప్ బీరువాలో ఉండాలి, ఖాళీ గడి పక్కన పెన్నుతో తేదీ రాయాలి.

జోల్పిడెమ్ వేసుకుని నిద్రలోనే లేచి వంట చేసినా, బయటికి నడిచినా, బండి నడిపినా అది వేరే సంగతి. ఒక్కసారి జరిగినా ఆ మందు మళ్లీ వాడకూడదు. 2019లో ఆ అమెరికా సంస్థే ఇలాంటి మందుల పెట్టె మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక వేయించింది.

ఇదంతా విని నెలల తరబడి రోజూ వేసుకుంటున్నవాళ్లు ఈ రాత్రే మానేస్తామంటారేమో, ఆ పని చేయకండి. ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోతుంది, వణుకు వస్తుంది, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. స్ట్రిప్, పాత చీటీలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. వారాల మీద కొంచెం కొంచెంగా ఆయన తగ్గిస్తారు.