కోరస్‌లో ఎఫ్ మైనర్: రంగా, అపశ్రుతా?

(నెల్లూరులో ఒక లోకల్ ఛానల్ స్టూడియోలో ఆదివారం జరిగిన చర్చకు రాతరూపం. పాల్గొన్నవారు: ఆర్కెస్ట్రా కీబోర్డిస్టు, ఆ పాట పాడిన గాయని, కర్ణాటక సంగీతం నేర్పే మాస్టారు, ఆ రోజు సౌండ్ చూసిన ఇంజినీరు. గొంతులు కలిసిపోయిన చోట వినబడినంతే రాశాం.)

యాంకర్: నమస్కారం. ఒంగోలు స్టేజీ ప్రోగ్రాంలో మన నెల్లూరు ట్రూప్ పాడిన కొత్త పాట ముక్క ఒకటి రెండు రోజులుగా అందరి ఫోన్లలో తిరుగుతోంది. కింద ఒకరు ‘అపశ్రుతి’ అని రాస్తే, ఇంకొకరు ‘ఒళ్లు జలదరించింది’ అని రాశారు. బాలు గారు పుట్టిన జిల్లా మనది. ఇలాంటి చోట పడమటి సంగీతం మన పాటను పాడు చేస్తోందా? ముందు ఆ క్లిప్ విందాం.

(క్లిప్. ‘పెన్నమ్మా, నీ ఒడ్డునే ఉన్నా’ అనే లైను. చివరి ‘ఉన్నా’ దీర్ఘంలో సగం నుంచి గొంతూ కీబోర్డూ ఒరుసుకుంటాయి.)

కీబోర్డిస్టు: దీంట్లో అపశ్రుతి ఏందబ్బయా? అది ఎఫ్ మైనర్ కార్డు, మూడు స్వరాలు ఒకేసారి మోగించేది. కావాలనే వేశాను.

యాంకర్: కావాలనే తప్పు వేశారా?

కీబోర్డిస్టు: తప్పు కాదు సార్! పాట సి మేజర్‌లో ఉంది. కోరస్ నాలుగు బార్లు, అంటే తాళంలో నాలుగు చుట్లు. ఒక్కో బారుకి ఒక్కో కార్డు. సి, ఏ మైనర్, ఎఫ్, మళ్లీ ఎఫ్. అట్టాగే వదిలేస్తే చప్పగా ఉంటుంది. నాలుగో బారులో ఎఫ్ మేజర్‌ని ఎఫ్ మైనర్ చేశాను. మళ్లీ సి కి వచ్చేటప్పుడు ఆ దిగులు కరిగి...

యాంకర్: మైనర్ అంటే ఏ మైనరేగా? అది ముందే ఉందన్నారు.

కీబోర్డిస్టు: కాదు, కాదు. వినండి. ఏ మైనర్ స్కేలుది సి మేజర్‌తో బంధుత్వం. రెంటికీ ఏడు స్వరాలూ ఒకటే, కొత్త రంగు రాదు. నేను తెచ్చింది సి మైనర్ నుంచి. ఆధారం అదే సి, స్కేలు వేరు. సి మేజర్‌లో ఈ, ఏ, బి ఉంటాయి కదా, ఆ మూడూ సి మైనర్‌లో అరమెట్టు దిగుతాయి. అక్కడున్న కార్డు ఒకటి ఇక్కడికి తెచ్చుకుంటాం. ఆ సి మైనర్‌నే సి మేజర్‌కి ప్యారలల్ మైనర్ అంటారు.

మాస్టారు: మా లెక్కలో చెప్పనా? శంకరాభరణం నుంచి నఠభైరవిలోకి తొంగిచూడటం. గాంధారం, ధైవతం, నిషాదం మూడూ...

కీబోర్డిస్టు: అదే నేనూ చెప్తుండా మాస్టారూ.

మాస్టారు: కాస్త ఆగు నాయనా. మూడూ దిగితే అది నఠభైరవి. నువ్వు దింపింది ధైవతం ఒక్కటే. శంకరాభరణంలో ఆ ఒక్క ధైవతం మారిస్తే సరసాంగి అవుతుంది, 27వ మేళకర్త. అది ప్రత్యేకమైన రాగం. శంకరాభరణం పాడుతూ మధ్యలో...

యాంకర్: అంటే రాగభ్రష్టం! మన సంప్రదాయానికి విరుద్ధం అంటున్నారు మాస్టారు.

మాస్టారు: నేనలా అనలేదు.

కీబోర్డిస్టు: బేహాగ్‌లో రెండు మధ్యమాలు పాడరా మాస్టారూ? అప్పుడు రాగం భ్రష్టం కాలేదే? (బల్ల మీద కొడతారు) పాడతారా లేదా?

మాస్టారు: పాడతాం. కానీ ఆ రెండో మధ్యమం ఎక్కడ పడాలో, ఏ స్వరం నుంచి వచ్చి ఏ స్వరానికి పోవాలో పట్టింపు ఉంది. ఎక్కడ పడితే అక్కడ వేయరు. నీ ఎఫ్ మైనర్‌కీ అలాంటి దారి ఉండాలి కదా అని నా ప్రశ్న.

(ఈ చర్చలో అందరికంటే పనికొచ్చే ప్రశ్న ఇదే. దానికి జవాబు రాలేదు. యాంకర్ విరామం అన్నారు.)

యాంకర్: మళ్లీ స్వాగతం. పడమటి ప్రభావం గురించి మాట్లాడుకుంటున్నాం. ఇది కాపీయా అని నేరుగా అడుగుతున్నాను.

కీబోర్డిస్టు: దీంట్లో కాపీ ఏముంది సార్? ఆస్ట్రియా సంగీతకారుడు షూబర్ట్ 1828లో పోయాడు. ఆయన పాటల్లో మేజర్, మైనర్ అటూ ఇటూ ఊగడం ఎంతుందో వినండి. ఒక కార్డు ఎవడి సొంతం? ఎఫ్ నుంచి ఎఫ్ మైనర్, అక్కడి నుంచి సి. నేను వాయిస్తాను, వినండి. (చిన్న కీబోర్డు మీద వాయిస్తారు.) మధ్యలో ఒక్క వేలే కదులుతుంది, చూడండి. ఏ నుంచి దాని కింది అరమెట్టు ఏ ఫ్లాట్, అక్కడి నుంచి జి. అరమెట్టు చొప్పున దిగుతుంది. చెవికి తియ్యగా తగిలేది ఆ దిగడమే. మిగతా రెండు వేళ్లు ఎఫ్ మీదా సి మీదా కదలకుండా ఉండి, చివర్లో సి కార్డు వచ్చినప్పుడు ఎఫ్ మీది వేలు ఈ కి దిగుతుంది.

యాంకర్: బాగుంది! ఇలా వింటే బాగానే ఉంది. మరి క్లిప్‌లో ఎందుకు అలా ఉంది?

కీబోర్డిస్టు: అది ఆవిడ్ని అడగండి.

గాయని: నన్నే అడుగుతారని తెలుసు. అన్నా, ‘ఉన్నా’ దీర్ఘం మూడో బారులో ఏ మీద మొదలవుతుంది. అంటే చతుశ్రుతి ధైవతం. రెండు బార్లు అదే స్వరం పట్టుకోవాలని నాకు ట్యూన్ ఇచ్చారు. ప్రాక్టీసుకి పంపిన ట్రాకులో శ్రుతి, తాళం తప్ప కార్డులు లేవు. నాలుగో బారులో మీరు ఏ ఫ్లాట్ వేశారు. నేను ఏ లోనే ఉన్నాను. పక్కపక్క మెట్లు రెండూ ఒకేసారి మోగితే...

కీబోర్డిస్టు: చెవి పెట్టి వింటే గొంతు దానంతటదే దిగాలమ్మా!

గాయని: స్టేజీ మీద, ముందు చెప్పకుండానా?

కీబోర్డిస్టు: అనుభవం ఉన్న గాయకులైతే...

గాయని: అనుభవం సంగతి తర్వాత. ఆ దీర్ఘాన్ని నాలుగో బారులో ఏ ఫ్లాట్‌కి దించి, సి కార్డు రాగానే పంచమానికి వచ్చేలా ట్యూన్ మార్చి ఉంటే సరిపోయేది. లేదంటే మొదటి నుంచీ పై షడ్జం పట్టుకునేదాన్ని. ఆ సి ఎఫ్ కార్డులో ఉంది, ఎఫ్ మైనర్‌లో ఉంది, సి కార్డులోనూ ఉంది. దేనితోనూ గొడవ పడదు.

మాస్టారు: అదే నేనన్న దారి! రెండు బార్లు కదలని ధైవతం ఉన్నప్పుడు దాని కింద ఇంకో ధైవతాన్ని...

యాంకర్: ఒక్క నిమిషం. అంటే మన గాయకులకు పడమటి సంగీతం సరిపడదంటారా?

గాయని: సార్, నేను చెప్పింది అది కాదు.

ఇంజినీరు: నేనొక మాట చెప్పొచ్చా? ఇందాకటి నుంచీ...

కీబోర్డిస్టు: సౌండ్ సంగతి తర్వాత. ముందు ప్రిన్సిపుల్ తేలాలి. కార్డు కరెక్టా కాదా? కరెక్టు! ఆ రంగు కోసమే వేస్తారు. కావాలంటే సి మైనర్ నుంచి ఇంకా తెస్తా. ఏ ఫ్లాట్ మేజర్, బి ఫ్లాట్ మేజర్, మళ్లీ సి. (గట్టిగా వాయిస్తారు.) చూశారా, మెట్లెక్కి వచ్చినట్టు! దీంతో కోరస్ ముగిస్తే జనం లేచి నిలబడతారు.

గాయని: దీనికీ అదే ఇబ్బంది. ఏ ఫ్లాట్ కార్డులో ఈ ఫ్లాట్ ఉంది. ట్యూన్ అప్పుడు ఈ మీద నిలబడి ఉంటే...

కీబోర్డిస్టు: నిలబడకుండా ట్యూన్ కట్టాలి.

గాయని: ఇందాకటి నుంచీ నేను చెబుతున్నదీ అదే కదా!

(కొంతసేపు ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. మాస్టారు ఏదో రాగం ఎత్తుకున్నారు, మైకుకు అందలేదు.)

యాంకర్: ఇంజినీరు గారూ, మీరు ఏదో అనబోయారు. ఈ వెస్టర్న్ ఎఫెక్టులు...

ఇంజినీరు: ఎఫెక్టులు కాదండీ. ఆ రోజు ఒక్కో వాద్యం విడిగా రికార్డు చేశాను. వచ్చేముందు గిటార్ ట్రాకు ఒక్కటే పెట్టుకుని విన్నాను. నాలుగో బారులో గిటార్ ఎఫ్ మేజరే వాయిస్తోంది. కీబోర్డు ఎఫ్ మైనర్. అంటే గాయని గారు లోపలికి రాకముందే వాద్యాల్లోనే ఏ కి, ఏ ఫ్లాట్‌కి తగాదా ఉంది. పైగా ఆవిడ పాడిన ఏ గిటార్‌తో సరిగ్గా కలుస్తోంది. కీబోర్డు ట్రాకు ఆపి వింటే అపశ్రుతే లేదు.

యాంకర్: ఓ!

కీబోర్డిస్టు: అది గిటారిస్టు తప్పు! చూపుడువేలితో తీగలన్నీ నొక్కి ఎఫ్ బారె పట్టుకున్నోడు మధ్యవేలు ఎత్తితే చాలు, ఎఫ్ మైనర్ అయిపోతుంది. ఒక్క వేలు! మన దగ్గర కుర్రాళ్లు రిహార్సల్‌కి రారు, స్టేజీ రోజు నేరుగా వస్తారు. డబ్బులు మాత్రం...

ఇంజినీరు: ఆయనకు ఇచ్చిన కార్డు షీటులో ఎఫ్ అనే ఉందండీ. నేను చూశాను.

కీబోర్డిస్టు: షీటులో రాయలేదు నిజమే. రాస్తే అయిపోతుందా? వినాలి! సంగీతం అంటే వినడం!

మాస్టారు: బేస్ గిటార్ ఏం వాయించింది?

ఇంజినీరు: ఎఫ్. దానికి బాధ లేదు మాస్టారూ. రెండు కార్డులకూ కింద ఎఫ్ ఒకటే. అందుకే స్టేజీ మీద ఎవరికీ వెంటనే అనుమానం రాలేదు.

మాస్టారు: ఇంకొకటి. ఈ ప్రయోగం ప్రతి లైను చివరా చేస్తే ఎలా ఉంటుంది?

గాయని: రెండోసారికే పాతబడుతుంది మాస్టారూ. చివరి కోరస్‌లో ఒక్కసారి వస్తే...

కీబోర్డిస్టు: ప్రతిసారీ వేయొచ్చు! నేను వేస్తాను! జనానికి నచ్చిందే వేయాలి. ‘ఒళ్లు జలదరించింది’ అన్నారా లేదా? వాళ్ల చెవి తప్పంటారా? నెల్లూరు జనం చెవి తప్పంటారా?

యాంకర్: నెల్లూరు జనం చెవి తప్పని ఎవరూ అనరు. ఇది గట్టి పాయింటు.

గాయని: సార్, వాళ్లకు జలదరించింది బహుశా నాలుగో బారు నుంచి సి కి వచ్చే చోట. క్లిప్ మళ్లీ వేయండి. ఆ ఒరిపిడి దగ్గర కాదు, అది వదిలి...

యాంకర్: టైము లేదమ్మా. చివరిగా ఒక్కో వాక్యం. మాస్టారూ, పడమటి సంగీతం మన పాటకు ముప్పా?

మాస్టారు: ప్రశ్నే అది కాదు. స్వరానికి దారి...

యాంకర్: ధన్యవాదాలు. ఇంజినీరు గారూ?

ఇంజినీరు: షీటులో రాసుకోండి. అంతే.

యాంకర్: మీరు చెప్పండి సార్.

కీబోర్డిస్టు: ఎఫ్ మైనర్ కరెక్టు. సి మైనర్ నుంచి వచ్చింది, సి మేజర్‌లో కూర్చుంది. షూబర్ట్ కాలం నుంచీ ఉన్నదే. దీంట్లో కాపీ లేదు, తప్పు లేదు. పాడేవాళ్లు వినాలి, వాయించేవాళ్లు వినాలి. వచ్చే నెల ఇదే పాట కావలిలో ఉంది. అక్కడ ఏ ఫ్లాట్, బి ఫ్లాట్ కూడా వేస్తాను. ఎవరైనా ఆపండి చూద్దాం!

యాంకర్: విన్నారుగా. కార్డు సరైందేనని ఈ చర్చలో తేలింది.

గాయని: కార్డు తప్పని నేను ఎప్పుడన్నాను? ట్యూన్ మార్చండి అంటున్నా. కావలిలో మళ్లీ ఏ మీదే నిలబడమంటారా, దింపమంటారా? ఇప్పుడే చెప్పండి అన్నా.

కీబోర్డిస్టు: వచ్చాక చూద్దాంలే.

యాంకర్: తర్వాతి కార్యక్రమం, నేటి రొయ్యల రేట్లు.