ఆధార్ అప్‌లోడ్ చేసే ముందు ఒక్క గంట: పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లపై ఫోన్-ఇన్

యాంకర్: ఈ రోజు మనతో ఉన్న మేడమ్ కంపెనీల డేటా భద్రతను ఆడిట్ చేస్తుంటారు. ఖమ్మం నుంచి ఒక అమ్మగారు లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. మా పాప బీ ఫార్మసీ అయ్యింది, సంబంధాలు చూస్తున్నాం. ఫేస్‌బుక్‌లో మా కులం వాళ్లకే అని ఒక వెబ్‌సైట్ యాడ్ వచ్చింది. రిజిస్టర్ అయ్యాక ఫోన్ చేసి ఆధార్, జాతకం, పాప శాలరీ స్లిప్ పెట్టమన్నారు. 4,500 ఫీజు, పైన జీఎస్‌టీ అట. రేపటిదాకే ఆఫర్ అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

నిపుణురాలు: ఏమీ పంపలేదు కదమ్మా?

కాలర్: ఫోన్ నంబర్, పేరు ఇచ్చాను. ఫొటో ఇంకా పెట్టలేదు.

నిపుణురాలు: మంచి పని చేశారు. రేపటి ఆఫర్ సంగతి మర్చిపోండి. సైట్ తెరిచి ఉందా? అడుగుకి వెళ్లి, అక్కడ ఏం రాసి ఉందో చదవండి.

కాలర్: కంపెనీ పేరు ఉంది, ప్రైవేట్ లిమిటెడ్ అని. పక్కన సిఐఎన్ అని పొడుగ్గా ఒక నంబర్. "15 ఏళ్ల అనుభవం" అని కూడా ఉంది.

నిపుణురాలు: అది ప్రభుత్వం కంపెనీకి ఇచ్చే గుర్తింపు నంబర్. అందులో మొత్తం 21 అక్షరాలూ అంకెలూ ఉండాలి. మొదట ఒక అక్షరం, తర్వాత ఐదు అంకెలు, రాష్ట్రానికి రెండు అక్షరాలు, ఆ తర్వాత నాలుగు అంకెలు కంపెనీ పెట్టిన సంవత్సరం. చూడండి.

కాలర్: U... ఐదు అంకెలు... TG... 2021.

నిపుణురాలు: 2021లో పుట్టిన కంపెనీకి 15 ఏళ్ల అనుభవం ఎక్కడిదమ్మా? పాత బ్యూరోనే తర్వాత కంపెనీగా మార్చి ఉండొచ్చు, కాబట్టి ఇంతటితో దొంగ అనను. ఇప్పుడు mca.gov.in అనే ప్రభుత్వ సైట్‌లో కంపెనీ మాస్టర్ డేటా చూడాలి. అది ఉచితం. మీ పాప పక్కనే ఉంటే ఆ నంబర్ కొట్టమనండి.

కాలర్: కొడుతోంది... మేడమ్, వేరే పేరు వచ్చింది. కన్‌స్ట్రక్షన్స్ అని ఉంది.

నిపుణురాలు: ఎవరిదో నంబర్ తెచ్చి అతికించారన్నమాట. ఈ ఒక్కటి చాలు, నేనైతే ఇక్కడే ఆగిపోతాను. కానీ వింటున్నవాళ్ల కోసం ఇంకో రెండు చూద్దాం. lookup.icann.org లో సైట్ పేరు కొడితే డొమైన్ ఎప్పుడు రిజిస్టర్ చేశారో తెలుస్తుంది.

కాలర్: నాలుగు నెలల కిందట మేడమ్.

నిపుణురాలు: డబ్బు ఎలా కట్టమన్నారు?

కాలర్: క్యూఆర్ కోడ్ పంపారు. స్కాన్ చేస్తే ఎవరో అబ్బాయి పేరు వచ్చింది. మా అకౌంటెంట్ అన్నారు.

నిపుణురాలు: కంపెనీ ఫీజు కంపెనీ ఖాతాలోకే వెళ్లాలి. ఇంకోటి, జీఎస్‌టీ వసూలు చేసేవాళ్లు 15 అంకెల, అక్షరాల జీఎస్‌టీ నంబర్ ఇవ్వాలి. తెలంగాణదైతే 36తో, ఆంధ్రదైతే 37తో మొదలవుతుంది. services.gst.gov.in లో కొడితే ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. చిన్న బ్యూరోలకు జీఎస్‌టీ నంబర్ లేకపోవచ్చు, అది తప్పు కాదు. నంబర్ లేకుండా జీఎస్‌టీ పేరుతో డబ్బు తీసుకోవడమే తప్పు.

యాంకర్: బ్రౌజర్‌లో తాళం గుర్తు ఉంటే అసలైన సైటే అనుకుంటాం కదా మేడమ్.

నిపుణురాలు: మీ ఫోన్‌కీ ఆ సైట్‌కీ మధ్య ఎవరూ తొంగిచూడరని తప్ప తాళానికి ఇంకే అర్థమూ లేదు. అవతల కూర్చున్నది ఎవరో అది చెప్పదు, మోసగాళ్లకూ ఉచితంగా వస్తుంది. సైట్ మీద పెట్టుకునే భద్రతా ముద్రలూ అంతే. యాష్లీ మాడిసన్ అనే కెనడా డేటింగ్ సైట్ తన హోమ్‌పేజీలో భద్రతా అవార్డు బొమ్మ పెట్టుకుంది. 2015లో దాని డేటా బయటపడ్డాక కెనడా ప్రైవసీ కమిషనర్ విచారిస్తే, ఆ అవార్డు వాళ్లే కల్పించుకున్నదని తేలింది. పూర్తిగా తొలగించడానికి 19 డాలర్లు తీసుకుని కూడా డేటా కొన్నాళ్లు దాచుకున్నారు.

కాలర్: మరి నిజమైన కంపెనీ అయితే అన్నీ పెట్టేయొచ్చా?

నిపుణురాలు: కంపెనీ నిజమైనదైనా మన డేటాను జాగ్రత్తగా చూసుకుంటుందని హామీ లేదమ్మా. ముందు ఒక చిన్న ప్రొఫైల్ పెట్టండి, పాప ఫొటోకి బదులు పువ్వు బొమ్మ పెట్టి. ఆ బొమ్మను కొత్త ట్యాబ్‌లో తెరిచి, పైన ఉన్న అడ్రస్ కాపీ చేసుకుని, లాగౌట్ అయి, ఇన్‌కాగ్నిటో విండోలో వేయండి. బొమ్మ తెరుచుకుంటే, సభ్యులు కానివాళ్లకూ అది కనిపిస్తుందన్నమాట. అడ్రస్ చివర 10452.jpg లాంటి వరుస నంబర్ ఉంటే మరీ ప్రమాదం. నంబర్లు మార్చుకుంటూ పోయి ఎవరైనా అందరి ఫొటోలూ దింపుకోవచ్చు. మీ బొమ్మ వరకే చూడండి, వేరేవాళ్ల నంబర్లు ప్రయత్నించకండి.

తర్వాత "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కండి. కొత్తది పెట్టుకోవడానికి లింక్ వస్తే సరే. మీ పాత పాస్‌వర్డే మెయిల్‌లో వచ్చిందంటే, దాన్ని ఉన్నదున్నట్టు దాచుకున్నారు. అలాంటి చోట ఆడపిల్ల వివరాలు పెట్టొద్దు.

కాలర్: ఆధార్ తప్పదంటారు కదా?

నిపుణురాలు: 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మ్యాట్రిమోనీ సైట్లు సభ్యుల గుర్తింపు పత్రాలు తీసుకోవాలి. కాబట్టి అడగడం తప్పు కాదు. myaadhaar.uidai.gov.in లో మాస్క్‌డ్ ఆధార్ దింపుకోండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. దాని మీద "ఫలానా సైట్ కోసం మాత్రమే" అని తేదీతో రాసి ఇవ్వండి. శాలరీ స్లిప్ సైట్‌కి అక్కర్లేదు. సంబంధం కుదిరేటప్పుడు ఆ ఇంటివాళ్లకు చూపించుకోవచ్చు.

యాంకర్: విజయవాడ నుంచి ఇంకో కాలర్. చెప్పండన్నా.

కాలర్: మేడమ్, మా చెల్లి ప్రొఫైల్ మూడు సైట్లలో పెట్టాం. ఒకదాంట్లో డిలీట్ కూడా చేశాం. అయినా బ్రోకర్ల ఫోన్లు ఆగట్లేదు. ఎవరు ఇచ్చారో ఎలా తెలుస్తుంది?

నిపుణురాలు: ఇప్పటిదాకా పోయినదాన్ని పట్టుకోవడం కష్టం. ఇకమీద ఒక్కో సైట్‌కి ఒక్కో మెయిల్ ఇవ్వండి. జీమెయిల్‌లో మీ ఐడీ పేరు తర్వాత, @ గుర్తుకు ముందు +site1, +site2 అని పెట్టినా మెయిళ్లు మీ పెట్టెకే వస్తాయి. బ్రోకర్ మెయిల్ +site2 కి వస్తే దొంగ దొరికినట్టే. కొన్ని సైట్లు ప్లస్ గుర్తును ఒప్పుకోవు. అప్పుడు చెల్లి ఇంటిపేరు స్పెల్లింగ్‌లో ఒక అక్షరం మార్చండి. బ్రోకర్ ఏ స్పెల్లింగ్‌తో పంపాడో చూసుకోవచ్చు.

కాలర్: డిలీట్ చేసినదాని సంగతి?

నిపుణురాలు: మీరు నొక్కింది డిలీటా, హైడ్ లేదా డీయాక్టివేటా?

కాలర్: "పెళ్లి కుదిరింది" అని నొక్కాను.

నిపుణురాలు: అది చాలా చోట్ల ప్రొఫైల్‌ను దాస్తుంది, అంతే. ఆ సైట్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, మెయిల్ ఉండాలి. అదీ 2016 మార్గదర్శకాల్లో ఉంది. ఆయనకు రాయండి: మా వివరాలు ఏమేం ఉన్నాయి, ఎవరికి ఇచ్చారు, ఎప్పటికి తీసేస్తారు అని మూడే ప్రశ్నలు. ప్రొఫైల్ పెట్టిన ఐపీ అడ్రస్‌ను ఖాతా మూసిన తర్వాత ఒక ఏడాది ఉంచుకోవాలని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి, కాబట్టి అది ఉంచుకున్నామంటే కాదనలేం. ఫొటో, ఫోన్ నంబర్ ఎందుకు ఉంచుకున్నారో మాత్రం అడగాలి. 2023 డేటా రక్షణ చట్టంలో తొలగించమని అడిగే హక్కు ఉంది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, కంపెనీలకు చాలా బాధ్యతల మీద 18 నెలల గడువు ఇచ్చారు. ఇప్పుడు రాసిన మెయిల్ అప్పుడు మీ చేతిలో రుజువుగా ఉంటుంది, దాచుకోండి.

యాంకర్: ఖమ్మం అమ్మగారు లైన్‌లోనే ఉన్నారు.

కాలర్: ఆ అబ్బాయి మళ్లీ ఫోన్ చేస్తున్నాడు మేడమ్, ఇప్పుడే.

నిపుణురాలు: ఎత్తొద్దమ్మా. ఆ నంబర్, క్యూఆర్ కోడ్, సైట్ పేరు స్క్రీన్‌షాట్ తీసి cybercrime.gov.in లో పెట్టండి. ఎవరైనా ఇలాంటి చోట డబ్బు కట్టి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు చేతులు మారకముందే చెబితే ఆ ఖాతాను ఆపే అవకాశం ఉంటుంది.