పెళ్లి బుక్‌లెట్‌లో ముహూర్తం ఎక్కడుంది?

అందరికీ నమస్కారం. అధ్యక్షులు అన్నయ్యగారికి, పొద్దుటి నుంచి వంటగదిలో ఉన్న వదినగార్లకి, చలిలో ఇంత దూరం వచ్చిన మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నన్ను "మన పెళ్లి సంప్రదాయాలు" అనే అంశం మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద అంశం ఒక సాయంత్రానికి సరిపోదు. అందులో ఒక చిన్న కాగితం గురించి మాట్లాడతాను. మన పెళ్లిళ్లలో తెలుగురాని అతిథుల చేతికి ఇచ్చే ఇంగ్లీషు బుక్‌లెట్ గురించి. దాని మీద నాకు చాలా బాధ ఉంది. అది చెప్పుకోవడానికే ఈ పిలుపు ఒప్పుకున్నాను.

మా అన్నయ్య కూతురి పెళ్లి ఇక్కడే న్యూజెర్సీలో జరిగింది. సుముహూర్తం ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాలకి. అమ్మాయి ఆఫీసువాళ్లు, కాలేజీ స్నేహితులు, పక్కింటివాళ్లు, అందరూ టైముకి ముందే వచ్చి కూర్చున్నారు. ప్రతి కుర్చీలో అందమైన బుక్‌లెట్. మంచి కాగితం, బంగారు రంగు అంచు. లోపలి మాటలు మాత్రం ఎక్కడినుంచో తెచ్చి అతికించినవి. అందులో బారాత్ ఉంది, సిందూరం ఉంది, అగ్ని చుట్టూ ఏడు ప్రదక్షిణలు ఉన్నాయి. జీలకర్ర బెల్లానికి ఒకే ఒక్క వాక్యం, అదీ "సరదా ఆచారం" అని.

ఏం జరిగిందో చూడండి. పది నలభై అయింది. తెర పట్టుకున్నారు. పంతులుగారి గొంతు పెరిగింది. తమలపాకు మీద జీలకర్ర బెల్లం ముద్ద పెట్టి ఇద్దరి చేతుల్లో పెట్టారు. గట్టిమేళం మోగింది. మనవాళ్లు నాలుగు వరుసలు లేచి అక్షింతలు వేశారు. వెనక కూర్చున్న వాళ్లలో సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు, కొందరు కాఫీకి బయటికి వెళ్లారు. తప్పు వాళ్లది కాదండీ. వాళ్లు బుద్ధిగా బుక్‌లెట్ చదివారు. అసలు ఘట్టం ఏడు ప్రదక్షిణలని అందులో రాసి ఉంది. దానికోసం ఎదురుచూస్తున్నారు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ, అమ్మాయి మేనేజరు, నన్ను రెండు మూడు సార్లు అడిగింది: "ప్రదక్షిణలు ఎప్పుడు?" ఏళ్ల తరబడి పిల్లని చూసిన మనిషి, పిల్ల ముహూర్తం చూడకుండానే వెళ్లింది. నా బాధంతా అదే.

మన పెళ్లిలో సుముహూర్తం అంటే జీలకర్ర బెల్లం. పంచాంగం చూసి, జాతకాలు చూసి, నిమిషాలు లెక్కపెట్టి పెట్టుకునేది ఆ క్షణానికే. శుభలేఖలో అచ్చు వేసే టైము కూడా అదే. మంగళసూత్రం దాని తర్వాత. కాబట్టి బుక్‌లెట్‌లో ఒకే ఒక్క టైము వేయాలి, అది జీలకర్ర బెల్లం పక్కన వేయాలి. మిగతా వాటికి టైములు వద్దు. పంతులుగారు ముందుకీ వెనక్కీ జరుపుకుంటారు, వేసిన టైము తప్పితే అతిథులకి టెన్షన్.

నేను ఇప్పుడు రాసే పద్ధతి ఏమిటంటే, ఒక్కో ఘట్టానికి మూడే వాక్యాలు. మీకు కనబడేది ఏమిటి, అది ఎందుకు, అప్పుడు మీరేం చెయ్యాలి. జీలకర్ర బెల్లానికి రాసింది తెలుగులో చెబుతాను: "వధూవరుల మధ్య ఒక తెర ఉంటుంది, వాళ్లు ఒకరినొకరు చూడకుండానే ఒకరి నడినెత్తిన ఇంకొకరు జీలకర్ర, బెల్లం కలిపి నూరిన ముద్ద పెడతారు. కలిపి నూరాక ఆ రెండింటినీ విడదీయలేం, వీళ్ల జీవితాలూ అలాగే కలవాలని. తెర తీసి వాళ్లు ఒకరినొకరు చూసుకునే ఈ క్షణానికే ముహూర్తం పెట్టారు, దయచేసి లేచి నిలబడి అక్షింతలు వేయండి." అంతే. ఈ ముద్దవల్ల తలలోకి ఏదో విద్యుత్తు ప్రవహిస్తుందని కొన్ని బుక్‌లెట్లలో చూశాను. దానికి ఆధారం ఏమీ లేదు. దయచేసి రాయకండి. వచ్చినవాళ్లలో డాక్టర్లు ఉంటారు, ఇంజనీర్లు ఉంటారు. ఆ ఒక్క మాట చూశాక మిగతా నిజాలు కూడా నమ్మరు.

అక్షింతల గురించి ఒక మాట. పసుపు, కాస్త నెయ్యి రాసిన బియ్యం మొదట్లోనే చేతిలో పోస్తాం. పాపం వాళ్లు గంటసేపు గుప్పిట్లో పట్టుకుని కూర్చుంటారు, లేకపోతే ఎవరో చప్పట్లు కొట్టగానే మొత్తం విసిరేస్తారు. వాళ్లకి మంత్రం అర్థం కాదు, కానీ మేళం వినబడుతుంది కదా! బుక్‌లెట్ మొదటి పేజీలోనే ఇలా రాయండి: "వాయిద్యాలు ఉన్నట్టుండి బిగ్గరగా, వేగంగా మోగితే అదే గుర్తు. ఇది రెండుసార్లు వస్తుంది, ఒకసారి జీలకర్ర బెల్లానికి, ఒకసారి మంగళసూత్రానికి. సగం బియ్యం రెండోసారికి దాచుకోండి." గట్టిమేళం ఎందుకో కూడా ఒక ముక్క రాయొచ్చు: ఆ క్షణంలో తుమ్ము లాంటి అపశకునం ఏదీ చెవిన పడకుండా. ఇక్కడ చాలా పెళ్లిళ్లలో సన్నాయి స్పీకర్లోనే కదా. ఆ పాట నొక్కే కుర్రాడికి కూడా ఒక బుక్‌లెట్ ఇవ్వండి! వాడు పొరపాటున కన్యాదానానికి గట్టిమేళం పెట్టాడంటే హాలంతా బియ్యమే. కొన్ని హాళ్లలో జారిపడతారని బియ్యం వేయనివ్వరు. అలాంటి చోట పూలరేకులు ఇచ్చి, బుక్‌లెట్‌లో కూడా పూలనే రాయాలి.

కన్యాదానం. ఇక్కడే ఎక్కువమంది మనసు నొచ్చుకుంటారు. చాలా బుక్‌లెట్లలో "తండ్రి కూతురిని దానం చేస్తాడు" అని రాసి ఆపేస్తారు. చదివిన స్నేహితురాళ్లు ముఖముఖాలు చూసుకుంటారు. అక్కడ జరిగేదంతా రాయండి. ఎవరు ఎవరి బిడ్డో మూడు తరాల పేర్లు చెబుతారు. అమ్మ నీళ్లు పోస్తుంటే నాన్న వరుడి కాళ్లు కడుగుతాడు, ఆ పూట అతణ్ణి విష్ణుస్వరూపంగా భావిస్తారు కాబట్టి. ఆ తర్వాత ధర్మంలో, అర్థంలో, కామంలో నా కూతురిని దాటి నడవకూడదని తండ్రి అడుగుతాడు. వరుడు "నాతిచరామి" అని ఒప్పుకుంటాడు. అందరి ముందు మాట ఇచ్చేది పెళ్లికొడుకు! ఆ మాట వదిలేసి మిగతాది రాస్తే సగమే చెప్పినట్టు. మీలో ఎంతమంది ఇళ్లలో బుక్‌లెట్లు ఉన్నాయో, ఇంటికి వెళ్లి తీసి చూడండి, నాతిచరామి ఉందో లేదో.

మంగళసూత్రం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, చూస్తేనే తెలుస్తుంది. రెండు పుస్తెలు, ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది, మూడు ముళ్లు. తలంబ్రాలకి ఇంకా తక్కువ. "ఇద్దరూ పోటీపడి ఒకరి తలమీద ఒకరు బియ్యం పోసుకుంటారు, మీరు మీకు నచ్చినవాళ్లకి కేకలు వేయండి" అని రాశాను. అందరికంటే తెలుగురాని అతిథులే ఎక్కువ అరిచారు.

ఇక ఆ ఏడు. మనకి సప్తపది అంటే ఏడు అడుగులు. అగ్నికి పక్కగా, పెళ్లికొడుకు చెయ్యి పట్టుకుని పెళ్లికూతురు వేసే ఏడు అడుగులు. ఉత్తరాదివాళ్ల ఫేరాలు అగ్ని చుట్టూ తిరిగే ప్రదక్షిణలు. అవి వాళ్లకి పవిత్రం, కానీ మన పెళ్లిలో ఈ ఘట్టం అది కాదు. లాజహోమం దగ్గర మనవాళ్లు కూడా అగ్నికి ప్రదక్షిణ చేస్తారు, అది వేరు. ఇంటర్నెట్‌లో దొరికే ఆ ఏడు పొడుగాటి ప్రమాణాలు మన పంతులుగారు చదివే మంత్రాలు కావు. మనవి చిన్నవి. మొదటి అడుగు అన్నానికి, రెండోది బలానికి, మూడోది వ్రతాలకి, నాలుగోది సుఖానికి, అయిదోది పశుసంపదకి, ఇలా. ఏడో అడుగు పడ్డాక "ఏడడుగులు నడిచావు, నాకు స్నేహితురాలివి అవు" అని అర్థం వచ్చే మంత్రం ఉంది. నేను బుక్‌లెట్‌లో ఈ వాక్యాన్ని విడిగా, కాస్త పెద్ద అక్షరాల్లో వేయిస్తాను. మా రెండో అన్నయ్య కొడుకు పెళ్లిలో అది చదివి ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు, తన భార్య పోయిందట.

అయితే అతిథులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంతకీ పెళ్లి ఎప్పుడు అయినట్టు?" బుక్‌లెట్‌లో మూడు చోట్ల "ఇప్పుడు వీళ్లు భార్యాభర్తలు" అని రాసి ఉంటే వాళ్లు ఏం అర్థం చేసుకుంటారు? నిజం రాయండి. ముహూర్తం జీలకర్ర బెల్లానిది. ఊళ్లో జనం పెళ్లయిందనుకునేది మూడు ముళ్లు పడితే. ఇండియాలో 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం, సప్తపది ఉన్న పెళ్లి ఏడో అడుగుతో పూర్తవుతుంది. ఈ మూడూ కలిపి మూడు వాక్యాల్లో చెబితే వాళ్లకి చక్కగా అర్థమవుతుంది, మూడింటికీ తలెత్తి చూస్తారు. అమెరికా లైసెన్సు సంగతి వేరు, దాన్ని ఇందులోకి లాగక్కర్లేదు.

అరుంధతి గురించి చెప్పకుండా వదలలేను. పట్టపగలు, హాలు పైకప్పు కింద, పెళ్లికొడుకు వేలెత్తి నక్షత్రం చూపిస్తే అతిథులు అయోమయంగా పైకి చూస్తారు. వాళ్లకి తెలిసిన దారిలోనే చెప్పండి. బిగ్ డిప్పర్ వాళ్లలో చాలామందికి తెలుసు, అదే మన సప్తర్షి మండలం. దాని పిడి చివరినుంచి రెండో చుక్క వసిష్ఠుడు, దాన్ని అంటుకుని మసగ్గా కనబడేది అరుంధతి. "ఈ రాత్రి ఆకాశం తేటగా ఉంటే మీరూ వెతకండి" అని రాయండి.

ఇంకో జాగ్రత్త. ఒకరి బుక్‌లెట్ ఇంకొకరు కాపీ కొట్టకండి. కాశీయాత్ర అందరికీ ఉండదు. ఎదురుకోళ్లు, నాగవల్లి, మెట్టెలు తొడిగే వేళ, ఇవన్నీ ఇంటిని బట్టి, ప్రాంతాన్ని బట్టి, పంతులుగారి పద్ధతిని బట్టి మారతాయి. నా దగ్గరున్నది కూడా మా ఇంటి వరసే. ముందు పంతులుగారికి ఫోన్ చేసి, ఆ రోజు ఆయన చేయించబోయేవి వరసగా రాసుకోండి. ఆయన చేయించనిది బుక్‌లెట్‌లో ఉండకూడదు. రాశాక మన పెళ్లి ఎప్పుడూ చూడని ఒక్కరి చేత చదివించండి. చదివాక వాళ్లని రెండే అడగండి: ఎప్పుడు లేచి నిలబడాలి, ఎప్పుడు అక్షింతలు వేయాలి. ఆ రెండూ చెప్పగలిగితే ప్రింట్‌కి ఇవ్వండి.

ఈ చలికాలంలో పెళ్లిళ్లు పెట్టుకున్న వాళ్లు ఇక్కడే ముగ్గురు నలుగురు ఉన్నారని నాకు తెలుసు. భోజనాలయ్యాక టీ బల్ల దగ్గర కూర్చుంటాను. డ్రాఫ్టు ఫోన్లో ఉన్నా సరే, చూపించండి. పంతులుగారి వరస ఇంకా తీసుకోకపోతే, ముందు ఆ ఫోన్ చేసి రండి.