ఎండిన తునకలో మిగిలే నీరు

సభకు నమస్కారం.

బక్రీదు తర్వాతో, ఊరిలో దావత్‌కు పొట్టేలును కోసిన మరునాడో, దండెం మీద వరుసగా వేలాడే మాంసం తునకలను చూడనివారు నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో తక్కువ. మనం చింతచిగురుతోనో దోసకాయతోనో వండుకునే ఈ తునకలకైనా, అమెరికాలో ప్యాకెట్లలో అమ్మే జెర్కీకైనా, దక్షిణాఫ్రికాలో వెనిగర్, ధనియాలు పట్టించి గాలికి ఆరవేసే బిల్టాంగ్‌కైనా మూలమైన పని ఒక్కటే. కొవ్వు లేని కండను పలుచగా కోసి, ఉప్పు పట్టించి, అందులోని నీటిని తీసివేస్తారు. జెర్కీని అలాగే తింటారు, మనం తునకలను మళ్లీ ఉడికించుకుంటాం. ఆ ఉడికించడం మనల్ని కొంతవరకు కాపాడుతుంది, కానీ మనం అనుకునేంత కాదు. ఎందుకు కాదో ఒక కిలో మాంసాన్ని ముందు పెట్టుకొని మొదటి నుంచి చివరి వరకు చూద్దాం.

ముందుగా మాంసం సంగతి. తొడ కండ మంచిది. కొవ్వును, పొరలను వీలైనంత తీసివేయాలి, ఎందుకంటే ఎండ నీటిని తీస్తుంది గానీ కొవ్వును తీయదు. మిగిలిన ఆ కొవ్వు గాలి తగిలి కొద్ది వారాల్లోనే ముక్కవాసన పడుతుంది. మాంసాన్ని కాసేపు ఫ్రీజర్‌లో పెట్టి సగం గట్టిపడనిస్తే కత్తికి నిలకడగా తెగుతుంది. మందం 6 మిల్లీమీటర్లకు మించకూడదు. కండ పోగుల వెంట కోస్తే తునక నమలడానికి సాగుతుంది, అడ్డంగా కోస్తే సులువుగా విరుగుతుంది. కూరకు ఏది బాగుంటుందన్నది ఇంటి అలవాటును బట్టి ఉంటుంది.

ఇక్కడే గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఉన్నట్టుండి చనిపోయిన గొర్రె మాంసాన్ని, అది ఎంత తాజాగా కనిపించినా, ఉప్పు వేసి ఎండబెడితే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మవద్దు. అది దొమ్మ వ్యాధి అయితే ఆ సూక్ష్మజీవి బీజాలు ఉప్పుకు, ఎండకు, మామూలు ఉడుకుకు కూడా చావవు. ఆ కళేబరాన్ని కోయడమే ప్రమాదం. కోయకుండా పశువైద్యునికి చెప్పాలి.

ఇప్పుడు ఉప్పు లెక్క చూద్దాం. కొవ్వు తీసిన కిలో మాంసంలో సుమారు 760 గ్రాముల నీరు, 210 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మిగిలిన కొద్దిపాటి భాగం కొవ్వు, ఖనిజాలు. దీనికి 25 గ్రాముల ఉప్పు తూచి పట్టించామనుకుందాం. 760 గ్రాముల నీటిలో 25 గ్రాముల ఉప్పు అంటే 3 శాతానికి కాస్త ఎక్కువ. ఈ గాఢత సూక్ష్మజీవులకు పెద్ద అడ్డంకి కాదు. మన చేతుల మీద, ముక్కులో సహజంగానే ఉండే స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి దీనికి మూడింతల ఉప్పునూ తట్టుకొని పెరుగుతుంది. కనుక ఉప్పు పట్టించి రాత్రంతా బయట ఉంచిన మాంసం చెడదనుకోవడం పొరపాటు. ఊరబెట్టదలిస్తే ఫ్రిజ్‌లోనే ఊరబెట్టాలి. కొందరు రంగు కోసం సూరేకారం వాడుతుంటారు. కంపెనీలు ఇదే పనికి నైట్రైట్ అనే లవణాన్ని మిల్లీగ్రాముల లెక్కన తూచి వేస్తాయి. వంటింట్లో ఆ తూకం కుదరదు కాబట్టి దాన్ని వదిలివేయడమే మంచిది.

అయినా ఉప్పు వృథా కాదు. నీరు తగ్గేకొద్దీ దాని బలం పెరుగుతుంది. అదే 25 గ్రాముల ఉప్పు, తునకలో 85 గ్రాముల నీరే మిగిలినప్పుడు, 23 శాతం ద్రావణంగా మారుతుంది. ఇంక కరగలేనంత ఉప్పు 26 శాతం దగ్గర ఉంటుందని గుర్తుంచుకుంటే అది ఎంత గాఢమో అర్థమవుతుంది. అంటే ఉప్పు మొదటి రోజున చాలా బలహీనం, చివరి రోజున చాలా బలం. ఈ రెండు రోజుల నడుమ ఎంత కాలం గడుస్తుందన్నదే అసలు ప్రమాదాన్ని నిర్ణయిస్తుంది.

ఆహార శాస్త్రంలో దీన్ని వాటర్ యాక్టివిటీ అనే కొలతతో చెబుతారు. తునకలో ఎంత నీరుందన్నది కాక, ఆ నీటిలో ఎంత భాగం సూక్ష్మజీవులకు అందుబాటులో ఉందన్నది ఇది చెబుతుంది. స్వచ్ఛమైన నీటికి ఇది 1, పచ్చి మాంసానికి 0.99. దాదాపు 0.91 దగ్గర చాలా బాక్టీరియా ఆగిపోతాయి, కానీ స్టెఫైలోకాకస్ 0.86 వరకు సాగుతుంది. అందుకే గది వేడిలో నిలవ ఉండవలసిన జెర్కీకి 0.85ను హద్దుగా పెట్టుకున్నారు. బూజులు ఇంకా కిందికి, 0.70 దగ్గర కూడా బతకగలవు. వాటి సంగతి నిలవ దగ్గర చూద్దాం.

"తర్వాత ఎలాగూ ఉడికిస్తాం కదా" అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆలస్యంగా ఎండిన తునక మీద స్టెఫైలోకాకస్ పెరిగితే అది విషాన్ని వదులుతుంది. సూక్ష్మజీవి ఉడుకుకు చస్తుంది గానీ ఆ విషం ఉడికినా పోదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. ఆ కూర రుచిలో, వాసనలో తేడా ఏమీ ఉండకపోవచ్చు.

ఇక ఎండ. మే నెలలో మిర్యాలగూడలోనో దేవరకొండలోనో 42 డిగ్రీల వేడి ఉన్నప్పుడు తునక లోపలి సూక్ష్మజీవులు మాడిపోతాయని చాలామంది నమ్మకం. జరిగేది వేరు. రంజన్‌లో నీళ్లు చల్లబడినట్టే, తడి తునక మీద నుంచి నీరు ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ 20 శాతం ఉన్న 42 డిగ్రీల మధ్యాహ్నం, నీడలో వేలాడే తడి తునక వేడి సుమారు 24 డిగ్రీలే. నేరుగా ఎండ తగిలితే అది కొంత పెరుగుతుంది గానీ, మాంసంలోని హానికర సూక్ష్మజీవులను చంపే 71 డిగ్రీల దరిదాపులకు రాదు. విద్యుత్ డ్రైయర్‌ను 60 డిగ్రీల దగ్గర పెట్టినా, తడి ఉన్నంతసేపు తునక అంత వేడెక్కదు. తీరా అది వేడెక్కే సమయానికి పైపొర ఎండిపోయి ఉంటుంది, ఎండిన చోట సాల్మొనెల్లా వంటివి వేడిని మరింత గట్టిగా తట్టుకుంటాయి.

ఇది పుస్తకాల్లోని అనుమానం మాత్రమే కాదు. 1995లో అమెరికాలోని ఓరెగన్‌లో ఇంట్లో చేసిన జింక మాంసం జెర్కీ వల్ల ఈ.కొలై వ్యాధి సోకింది. 2003లో న్యూ మెక్సికోలో అమ్మిన జెర్కీ వల్ల సాల్మొనెల్లా వ్యాపించింది. ఆ తర్వాతే అమెరికా వ్యవసాయ శాఖ, వేడి ఎంతో చూస్తే చాలదు, వేడి చేసే సమయంలో గాలిలో తేమ కూడా ఉండాలని తయారీదారులకు మార్గదర్శకాలు ఇచ్చింది. పొడి వేడికన్నా తడి వేడికే సూక్ష్మజీవులు త్వరగా చస్తాయన్నది దాని సారం.

కాబట్టి ఉడికించే పని ఎండబెట్టడానికి ముందే జరగాలి. మన ఊళ్లలో కొన్ని ఇళ్లలో ఉన్న పద్ధతే ఇందుకు సరిపోతుంది. ఉప్పు, పసుపు పట్టించిన ముక్కలను గిన్నెలో వేసి, మాంసం నుంచి ఊరిన నీళ్లలోనే మూతపెట్టి మరిగించాలి. తెర్లడం మొదలైన తర్వాత కనీసం 5 నిమిషాలు ఉంచి, ఆ తర్వాత మూత తీసి నీళ్లు ఇగిరిపోనివ్వాలి. నీళ్లు పారబోస్తే ఉప్పు కూడా వాటితోపాటు పోతుంది, అప్పుడు మన లెక్క తప్పుతుంది. పచ్చి మాంసాన్నే ఎండబెట్టిన తునక రుచి వేరని అనేవారితో నేను వాదించను, నిజంగానే కొంచెం వేరు. ఇతరులకు అమ్మే సరుకు విషయంలో మాత్రం నేను ఆ రుచిని వదులుకోమనే చెబుతాను.

ఉడికించిన తర్వాత జాగ్రత్త తగ్గించకూడదు, ఇంకా పెంచాలి. ఉడికిన మాంసం మీద పోటీకి వేరే సూక్ష్మజీవులు ఉండవు కాబట్టి, మన వేళ్ల నుంచి చేరిన స్టెఫైలోకాకస్ అక్కడ మరింత సులువుగా పెరుగుతుంది. చేతికి పుండు ఉన్నవారు తునకలను ముట్టుకోకూడదు. పచ్చి మాంసం కోసిన పీట, కత్తి ఇక్కడికి రాకూడదు. గిన్నెలో కుప్పగా ఉంచి సాయంత్రం ఆరవేద్దామనుకోవడమూ తప్పే, ఎందుకంటే ఉడుకును తట్టుకున్న కొన్ని బీజాలు గోరువెచ్చని కుప్పలో మళ్లీ మేల్కొంటాయి. పొద్దున్నే ఉడికించి, ఎండ ఎక్కకముందే ఒకదానికొకటి తగలకుండా తీగ మీద వేయాలి, చుట్టూ దోమతెర కట్టాలి. ఈగలు గుడ్లు పెట్టడానికి వాటికి కొద్ది నిమిషాలు చాలు, వేసవి వేడిలో అవి ఒక రోజులోపే పురుగులవుతాయి.

ఎండ కన్నా గాలి ముఖ్యమంటే కొందరికి వింతగా ఉంటుంది. మరీ తీవ్రమైన వేడిలో పైపొర త్వరగా బిగుసుకొని, లోపలి నీటికి దారి మూసుకుపోతుంది. అటువంటి తునక పైకి కట్టెలా ఉండి, విరిస్తే నడుమ మెత్తగా, తడిగా కనిపిస్తుంది. మందంగా కోసినవాటిలో ఇది ఎక్కువ. సాయంత్రం కాగానే తునకలను లోపలికి తేవాలి, రాత్రి గాలిలో తేమ పెరిగి ఎండినది మళ్లీ మెత్తబడుతుంది. బక్రీదు వానాకాలంలో వచ్చిన సంవత్సరాల్లో ఎండను నమ్ముకోకుండా డ్రైయర్‌ను గానీ ఫ్రీజర్‌ను గానీ ఆశ్రయించాలి.

ఎప్పుడు ఎండినట్టు? వంచితే పగులు రావాలి, పగులులో తడి కనిపించకూడదు. అంతకన్నా నమ్మకమైనది త్రాసు. జెర్కీకి అమెరికాలో వాడుకలో ఉన్న కొలత ప్రకారం నీరు మాంసకృత్తుల బరువులో 0.75 వంతుకు మించకూడదు. మన కిలోలో మాంసకృత్తులు 210 గ్రాములు కాబట్టి నీటికి హద్దు సుమారు 157 గ్రాములు. దానికి మాంసంలోని గట్టి పదార్థం 240 గ్రాములు, ఉప్పు 25 గ్రాములు కలిపితే మొత్తం 420 గ్రాములకు కాస్త పైన. ఇది అంచు మీది లెక్క. అన్ని ముక్కలూ ఒకేలా ఎండవు గనుక కిలో మాంసం 350 గ్రాములకు దిగేదాకా ఎండబెట్టమని నా సలహా. అప్పుడు మిగిలే నీరే ఇందాక చెప్పిన 85 గ్రాములు.

చల్లారిన తునకలను గాజు సీసాలో సగానికి పైగా నింపి, మూత బిగించి, కొన్ని రోజులు రోజూ ఒకసారి కదుపుతూ గమనించాలి. లోపలి గాజు మీద చెమ్మ కనిపిస్తే అవి ఇంకా ఎండలేదు, వెంటనే తీసి మళ్లీ ఆరబెట్టాలి. బాగా ఎండినవైనా తొలకరి తర్వాత మూత తెరిచిన ప్రతిసారీ గాలిలోని తేమను పీల్చుకుంటాయి, బూజుకు అవకాశం అప్పుడే. అందుకే పెద్ద సీసా ఒకటి కాకుండా, ఒక్కో కూరకు సరిపడా చిన్న పొట్లాలుగా కట్టి, వారం పది రోజుల్లో వాడేవి బయట, మిగిలినవి ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. బూజు పట్టిన తునకను గీకి, కడిగి వండకూడదు. సన్నని వెంట్రుకల పురుగులు చేరిన పొట్లాన్ని కూడా ఎండకు విదిలించి వాడకుండా, మొత్తంగా పారవేయాలి.